స్కూల్ అథ్లెటిక్స్ టీమ్‌కి ఏడాది ప్లాన్: ఆగస్టు ఫామ్ నవంబర్ దాకా ఎలా నిలపాలి?

ప్రశ్న: విశాఖలో ఒక హైస్కూల్లో పీఈటీగా చేస్తున్నాను. అథ్లెటిక్స్ టీమ్‌లో ఇరవై మంది దాకా ఉన్నారు. జూన్‌లో స్కూలు తెరిచినప్పటి నుంచీ రోజూ గట్టిగానే ప్రాక్టీస్ చేయిస్తాను. ఆగస్టులో టైమింగ్స్ బాగా వస్తాయి. తీరా జిల్లా మీట్ వచ్చేసరికి తగ్గిపోతాయి. స్టేట్‌కి సెలెక్ట్ అయినవాళ్ళకి ఏదో ఒక కాలి నొప్పి. ఏడాదిని ప్రిపరేషన్, కాంపిటీషన్, రికవరీ అని విడగొట్టాలంటారు కదా, మన స్కూలు క్యాలెండర్‌లో అది ఎలా కుదురుతుంది?

సమాధానం:

కుదురుతుంది మాస్టారూ. కాకపోతే జూన్ నుంచి ముందుకి కాకుండా, మీట్ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఏడాదిలో ఒక్క మీట్‌నే లక్ష్యంగా పెట్టుకోండి. దాని ముందు మాత్రమే లోడ్ పూర్తిగా తగ్గించండి. మిగతా మీట్లను ప్రాక్టీస్‌లో భాగంగా పరిగెత్తించండి. స్టేట్‌కి వెళ్ళే సత్తా ఉన్న నలుగురైదుగురికి స్టేట్ మీటే లక్ష్యం. మిగతావాళ్ళకి జిల్లా మీట్ లక్ష్యం. అంటే ఒకే టీమ్‌లో రెండు ప్లాన్లు నడుస్తాయి. సెప్టెంబర్ దాకా రెండూ ఒకటే, ఆ తర్వాతే విడిపోతాయి కాబట్టి ఒక్కరే ఉన్నా నడపగలరు.

ముందు ఆగస్టు సంగతి చెప్తాను. ఎండాకాలం అంతా ఖాళీగా ఉన్న పిల్లలకి ఏ ప్రాక్టీస్ ఇచ్చినా మొదటి ఎనిమిది, పది వారాలు టైమింగ్ పెరుగుతూనే ఉంటుంది. పైగా జూన్ నుంచే స్పీడ్ రిపిటీషన్లు మొదలుపెడితే ఫామ్ ఇంకా త్వరగా వస్తుంది. కింద పునాది లేకుండా వచ్చిన ఆ ఫామ్ కొద్ది వారాలకు మించి నిలవదు. ఈలోగా మండల మీట్, జిల్లా మీట్ అంటూ ప్రతి మీట్ ముందు నాలుగు రోజులు విశ్రాంతి, తర్వాత మళ్ళీ గట్టిగా ప్రాక్టీస్, ఇలా సాగుతుంది. ఫామ్ తెచ్చుకునేంత విశ్రాంతీ దొరకదు, బలం పెంచుకునేంత వరస ప్రాక్టీసూ దొరకదు. అలసట పోగుపడుతుంది, టైమింగ్ పడుతుంది, చివరికి ముంగాలి ఎముకో తొడ వెనక కండరమో మొరాయిస్తుంది.

ఒక్క విషయం ముందే సరిచూసుకోండి. మీ టైమింగ్స్ నిజంగానే తగ్గాయా? మనవి చాలావరకు 200 మీటర్ల మట్టి గ్రౌండ్లు. సెప్టెంబర్ వానలకి గ్రౌండ్ మెత్తబడితే 400 మీటర్లలో ఒకటి, రెండు సెకన్లు అలానే పోతాయి. స్టాప్‌వాచ్ పట్టే మనిషి మారినా తేడా వస్తుంది. అందుకే నేను టైమింగ్‌తో పాటు నిలబడి లాంగ్ జంప్ కూడా చూస్తాను. ప్రతి సోమవారం వార్మప్ అయ్యాక, ఎప్పుడూ ఒకే చోట, మూడు జంప్‌లు, అందులో మంచిది రాసుకోవాలి. టేపుతో కొలిచేది కాబట్టి గడియారంలో వచ్చే పొరపాటు ఇందులో ఉండదు. ఓ అమ్మాయి మామూలుగా రెండు మీటర్లు దూకేది వరసగా రెండు సోమవారాలు 10 సెంటీమీటర్లు తక్కువ దూకిందంటే కాళ్ళు అలసిపోయాయని అర్థం. ఆ వారం లోడ్ సగం చేసేయాలి.

ఇప్పుడు క్యాలెండర్. తేదీలు ఏటా మారతాయి కాబట్టి లెక్క కోసం ఇలా అనుకుందాం: మండల సెలెక్షన్లు ఆగస్టు చివర్లో, జిల్లా మీట్ అక్టోబర్ మొదటి వారంలో, స్టేట్ నవంబర్ రెండో వారంలో. సర్క్యులర్ వచ్చాక వారాలు అటూ ఇటూ జరుపుకోండి, వరస మాత్రం మార్చకండి.

జూన్ మధ్య నుంచి జూలై ఆఖరు దాకా సాధారణ ప్రిపరేషన్. ఈ ఏడు వారాల్లో బెస్ట్ టైమింగ్ కోసం స్టాప్‌వాచ్ బయటికి తీయకండి. పచ్చిక మీద నెమ్మది పరుగులు, శరీర బరువుతో సర్క్యూట్లు, మెడిసిన్ బాల్, చిన్న ఎత్తు మీదికి పరుగులు, రన్నింగ్ డ్రిల్స్. వారానికి నాలుగు, ఐదు సెషన్లు చాలు, ఒక్కోటి గంటన్నర దాటకూడదు. ఎత్తు పరుగులకి మన ఊళ్ళో వెతుక్కోనక్కర్లేదు, ఏ కాలనీలో చూసినా ఓ వాలు రోడ్డు ఉంటుంది. బండ్లు తిరగని చోట 40 నుంచి 60 మీటర్ల వాలు చూసుకుని ఆరు సార్లు పైకి పరుగు, కిందికి నడక. దిగేటప్పుడు పరిగెత్తనివ్వకండి. మోకాళ్ళకి దెబ్బ అక్కడే తగులుతుంది.

బీచ్ గురించి కూడా చెప్పాలి. విశాఖలో ప్రతి కోచ్‌కీ ఆర్కే బీచ్ మీద మనసు పోతుంది. మెత్తటి ఇసుకలో పరుగు పిక్కలకి, మడమ వెనక నరానికి బాగా పని పెడుతుంది. జూన్, జూలైల్లో వారానికి ఒకసారి, ఇరవై నిమిషాలు మంచిదే. తడి ఇసుక మీద నీటి అంచు వెంట పరిగెత్తిస్తే మాత్రం నేల సముద్రం వైపు వాలుగా ఉంటుందని గుర్తుంచుకోండి. ఒకే దిక్కుకి వెళ్తే ఒక కాలి మీదే భారం పడుతుంది. వెళ్ళినంత దూరం వెనక్కి కూడా పరిగెత్తించాలి. సెప్టెంబర్ వచ్చాక ఇసుక పూర్తిగా మానేయండి. ఇసుకలో పాదం నేల మీద ఎక్కువసేపు ఉండిపోతుంది, స్ప్రింటర్‌కి కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

ఈ దశలో స్పీడ్‌ను పూర్తిగా వదిలేయమని కాదు. వారానికి ఒక రోజు, బాగా తాజాగా ఉన్నప్పుడు, 30 మీటర్లు నాలుగైదు సార్లు పూర్తి వేగంతో. మధ్యలో మూడు నిమిషాల విశ్రాంతి. అంతే.

ఆగస్టు నుంచి సెప్టెంబర్ మధ్య దాకా ఈవెంట్ ప్రిపరేషన్. మొత్తం దూరం తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. స్పైక్స్ ఇక్కడే మొదలుపెట్టాలి, మొదటి వారం ఒక సెషన్‌లో నాలుగు పరుగులకి మాత్రమే. మీట్ రోజునే మొదటిసారి ఎవరివో అడిగి తెచ్చుకున్న స్పైక్స్ వేసుకున్న పిల్లలకి మర్నాటికి పిక్కలు పట్టేసి నడవలేని పరిస్థితి వస్తుంది. రెండు వారాలు లోడ్ పెంచి మూడో వారం సగానికి తగ్గించండి. పెద్ద అథ్లెట్లకి మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించడం మామూలు. మన పిల్లలకి ట్యూషన్లు, స్లిప్ టెస్టులు, తక్కువ నిద్ర, వానాకాలం జ్వరాలు ఉంటాయి కాబట్టి మూడో వారమే తగ్గించడం మేలు.

మండల సెలెక్షన్ ఈ దశ మధ్యలో వస్తుంది. దాని కోసం ఏమీ మార్చకండి. ముందురోజు తేలిక, అంతే. మీ మంచి పిల్లలు అలసిన కాళ్ళతో పరిగెత్తినా మండలం దాటుతారు. దాటలేని వాళ్ళకి నాలుగు రోజుల విశ్రాంతి ఇచ్చినా పెద్ద తేడా రాదు.

సెప్టెంబర్ రెండో సగం, జిల్లా మీట్. జిల్లానే లక్ష్యంగా ఉన్నవాళ్ళకి చివరి పది రోజులు పూర్తిగా తగ్గించండి. స్టేట్‌కి వెళ్ళేలా ఉన్నవాళ్ళకి నాలుగు రోజులు చాలు. అక్కడి నుంచి అసలు కష్టమైన భాగం మొదలవుతుంది.

మన స్కూళ్ళలో చాలామంది ప్లాన్ జిల్లా మీట్‌తో ఆగిపోతుంది. ఆ తర్వాత ఐదు వారాలు ఏం చేయాలో తెలియక, అవే పరుగులు ఇంకాస్త గట్టిగా చేయిస్తారు. లేదా దసరా సెలవులకి పిల్లలు ఊళ్ళకి వెళ్ళిపోయి పది రోజులు ఏమీ చేయకుండా వస్తారు. రెండూ చెడగొట్టేవే. ఇక్కడ ఒక లెక్క తెలిసుండాలి. జూలైలో సంపాదించిన ఓపిక, బలం ప్రాక్టీస్ ఆపినా దాదాపు నెల రోజులు పెద్దగా తగ్గవు. పూర్తి వేగం అలా కాదు, వారం రోజులు ముట్టుకోకపోతే మొద్దుబారుతుంది. కాబట్టి సెలవుల్లో పిల్లాడికి కిలోమీటర్లు పరిగెత్తమని చెప్పక్కర్లేదు. మూడు, నాలుగు రోజులకోసారి ఊళ్ళో చదునైన చోట వార్మప్ చేసి 60 మీటర్లు నాలుగు సార్లు గట్టిగా పరిగెత్తితే చాలు. అది కాగితం మీద రాసి తల్లిదండ్రుల చేతికి ఇవ్వండి.

ఈ ఐదు వారాలు ఎలా నడపాలో ఒక అమ్మాయి ఉదాహరణగా చెప్తాను. అండర్-17లో 400 మీటర్లు, ఆగస్టులో మంచి టైమింగ్ 66 సెకన్లు. 200 మీటర్లు విడిగా 30 సెకన్లలో పరిగెత్తేది. ఇలాంటి అమ్మాయిలు ప్రతి స్కూల్లోనూ ఉంటారు.

జూలైలో ఆమె చేసిన ముఖ్యమైన పని పచ్చిక మీద 200 మీటర్లు, 40 నుంచి 42 సెకన్లలో, మధ్యలో రెండు నిమిషాల నడక. మొదటి వారం ఆరు, జూలై చివరికి పది. ఆ నడకలో మామూలుగా మాట్లాడగలగాలి. ఊపిరి అందకపోతే వేగం ఎక్కువైనట్టే. ఆగస్టులో అది తీసేసి 300 మీటర్లు మూడు సార్లు, 51 సెకన్లలో, మధ్యలో ఎనిమిది నిమిషాలు. ఆమె రేసు వేగానికి 300 మీటర్లు 49.5 సెకన్లు పడుతుంది, అంటే రేసు కంటే కొంచెం నెమ్మది. సెప్టెంబర్లో ఒక 300 మీటర్లు 48 సెకన్లలో, పన్నెండు నిమిషాల విశ్రాంతి తర్వాత 150 మీటర్లు వీలైనంత వేగంగా. దూరం తగ్గుతూ, విశ్రాంతి పెరుగుతూ, వేగం రేసును దాటింది. మూడు దశల తేడా ఈ ఒక్క సెషన్లోనే కనిపిస్తుంది.

జిల్లా మీట్ అయ్యాక మొదటి వారం పూర్తిగా తేలిక. రెండు రోజులు అసలు ఏమీ లేదు, తర్వాత మూడు రోజులు పచ్చిక మీద నెమ్మది పరుగు, డ్రిల్స్, చివర్లో నాలుగు స్ట్రైడ్స్. రెండో వారం, మూడో వారం మళ్ళీ పని. కానీ కొత్తది ఏదీ కాదు. ఆగస్టులో చేసిన 300 మీటర్లు మూడింటికి బదులు రెండు, అదే వేగంతో. ఇంకో రోజు ఎత్తు పరుగులు ఆరు, ఇంకో రోజు 30 మీటర్ల స్పీడ్. ఈ రెండు వారాల్లో ఓపికను కాస్త గుర్తుచేయడమే ఉద్దేశం. నాలుగో వారం మొదట్లో చివరి గట్టి సెషన్, రేసుకి సరిగ్గా పది రోజుల ముందు: 300 మీటర్లు 48 సెకన్లు, పన్నెండు నిమిషాల తర్వాత 200 మీటర్లు.

అక్కడి నుంచి పది రోజులు తగ్గింపు. ఇందులోనే ఎక్కువమంది తప్పుదారి పడతారు. తగ్గించమంటే వేగం తగ్గిస్తారు, పిల్లల్ని జాగింగ్ చేయించి పంపిస్తారు. తగ్గించాల్సింది దూరం, వేగం కాదు. ఆమె వారానికి గట్టిగా పరిగెత్తే దూరం 1,600 మీటర్లు ఉంటే దాన్ని 800కి తెచ్చాం. పరిగెత్తిన ప్రతి అడుగూ రేసు వేగంలోనే. రేసుకి ఏడు రోజుల ముందు 150 మీటర్లు రెండు సార్లు, 23 సెకన్లలో, అంటే రేసులో ఆమె మొదటి 150 వేగం. నాలుగు రోజుల ముందు బ్లాక్స్ నుంచి 30 మీటర్లు మూడు, 80 మీటర్లు రెండు. రెండు రోజుల ముందు విశ్రాంతి, ప్రయాణం. ముందురోజు అక్కడి గ్రౌండ్‌లో వార్మప్, నాలుగు స్ట్రైడ్స్, రెండు స్టార్ట్స్. ఆ తర్వాత ఇంకొక్క పరుగు పెట్టాలనిపించినా వద్దు.

తగ్గింపు మొదలైన మూడో, నాలుగో రోజు పిల్లలు కాళ్ళు బరువుగా ఉన్నాయంటారు. మీకూ టెన్షన్ వస్తుంది, ఒక గట్టి సెషన్ పెట్టి చూద్దామా అనిపిస్తుంది. పెట్టకండి. చాలామందికి అలా ఉంటుంది, రెండు రోజుల్లో పోతుంది. అప్పుడు నిలబడి లాంగ్ జంప్ చూడండి, మామూలు దూరం వస్తుంటే అంతా బాగున్నట్టే.

ప్రయాణాన్ని కూడా ప్లాన్‌లో లెక్కపెట్టాలి. స్టేట్ మీట్ రాయలసీమ వైపు పడితే రాత్రంతా రైలు, తర్వాత ఏదో స్కూలు హాల్లో నేల మీద పడక. పొద్దున హీట్స్ ఉన్న రోజే దిగితే మీరు పది రోజులు దాచిన శక్తి రైల్లోనే ఖర్చవుతుంది. ఒక రోజు ముందు చేరేలా హెడ్మాస్టర్‌తో అప్పుడే మాట్లాడుకోండి. ఇంకోటి, స్కూల్ మీట్లలో హీట్స్, ఫైనల్ ఒకే రోజు పెట్టేస్తారు. అందుకని ఆ 400 మీటర్ల అమ్మాయి చేత సెప్టెంబర్లో ఒక శనివారం పొద్దున ఒక 300, మూడు గంటల తర్వాత ఇంకో 300 పరిగెత్తించాను. మధ్యలో ఏం తినాలి, ఎంతసేపు పడుకోవాలి, మళ్ళీ వార్మప్ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది ఆ రోజే తేలిపోయింది. అరటిపండు, గ్లూకోజ్ నీళ్ళు ఆమెకి పడ్డాయి, పులిహోర పడలేదు.

అక్టోబర్, నవంబర్ నెలల్లో మనకి తుఫాన్ల బెడద ఉంటుంది. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖను తాకిన తర్వాత చాలా రోజులు ఏ గ్రౌండూ పనికిరాలేదు. అంత పెద్దది రాకపోయినా నాలుగు రోజుల వాన ఏ ఏడాదైనా ఉంటుంది. అప్పుడు స్కూలు వరండాలో మెట్ల పని, మెడిసిన్ బాల్, 20 మీటర్ల స్టార్ట్స్ చేయించండి. తడి సిమెంటు మీద వద్దు. వాన ఆగాక పోయిన సెషన్లన్నీ కలిపి ఒకే వారంలో చేయించాలని మాత్రం చూడకండి. పోయినవి పోయినట్టే వదిలేసి, ఆ రోజు ప్లాన్‌లో ఏముందో అక్కడి నుంచే కొనసాగించాలి.

జ్వరం వచ్చిన పిల్లల సంగతి కూడా ఇదే సీజన్‌లో వస్తుంది. జ్వరం పూర్తిగా తగ్గాక కూడా పొద్దున లేవగానే నాడి మామూలు కంటే పది ఎక్కువ ఉంటే పరుగులు వద్దు. ముందే మామూలు నాడి ఎంతో రాసి పెట్టుకుంటేనే ఇది తెలుస్తుంది. పిల్లలకి మంచం దిగకముందు నిమిషం పాటు లెక్కపెట్టుకోవడం జూన్‌లోనే నేర్పేయండి. డెంగీ అయితే డాక్టర్ సరే అనేదాకా గ్రౌండ్‌కే రానివ్వకండి, ఎంత పెద్ద మీట్ అయినా సరే.

నవంబర్ రెండో సగం నుంచి రికవరీ. మూడు వారాలు అథ్లెటిక్స్ లేదు. ఇంట్లో పడుకోవడం కాదు, వాలీబాల్, కబడ్డీ, సైకిల్, ఏది ఇష్టమైతే అది, వారానికి మూడు రోజులు. సీజన్లో దాచుకున్న నొప్పులన్నీ ఇప్పుడే బయటపెట్టమని అడగండి. ముంగాలి ఎముక మీద వేలితో నొక్కితే ఒకే బిందువు దగ్గర గట్టిగా నొప్పి ఉన్న పిల్లల్ని ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టర్‌కి చూపించాలి. అది సన్నటి పగులు కావచ్చు. ఎముక పొడవునా సలుపుతూ, వార్మప్ అయ్యాక తగ్గిపోయే నొప్పి అయితే సాధారణంగా విశ్రాంతితో పోతుంది.

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా విశాఖ వాతావరణం పరుగుకి చాలా బాగుంటుంది. చాలామంది ఆ నెలల్ని ఊరికే వదిలేస్తారు, నాకు అది బాధగా ఉంటుంది. హర్డిల్స్, బ్లాక్ స్టార్ట్స్, లాంగ్ జంప్ రనప్, రిలే బ్యాటన్ మార్పు, ఇలా టెక్నిక్‌కి సంబంధించినవన్నీ మీట్ ఒత్తిడి లేని ఈ నెలల్లోనే బాగా వస్తాయి. పదో తరగతి పిల్లల్ని మాత్రం జనవరి తర్వాత వారానికి రెండు రోజులకి పరిమితం చేయండి, మార్చిలో పబ్లిక్ పరీక్షలు. అలా చేస్తే తల్లిదండ్రులు మిగతా రోజుల్లో మిమ్మల్ని నమ్ముతారు.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నం ఖాళీ ఉంది కదా అని గ్రౌండ్‌కి పిలవకండి. ఎండకి తోడు మన సముద్రం ఉక్క ఉంటుంది, చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఏడుంబావుకి ముగించండి. వేసవి సెలవుల్లో వారానికి రెండు, మూడు రోజులు, ఇంటి దగ్గరే: ఇరవై నిమిషాల పరుగు, స్క్వాట్స్, పుషప్స్, పిక్కల కోసం మడమలు పైకెత్తే వ్యాయామం. ఈ కొంచెం పని ఉంటేనే జూన్‌లో మొదటి రెండు వారాల్లో వచ్చే కాలి నొప్పులు తగ్గుతాయి. ఏప్రిల్ నుంచి ఏమీ చేయని పిల్లలు జూన్‌లో చేరితే, వాళ్ళకి మొదటి మూడు వారాలు మిగతావాళ్ళు చేసేదాంట్లో సగమే.

ఇదంతా అండర్-17, అండర్-19 పిల్లలకి. అండర్-14 వాళ్ళకి ఇన్ని దశలు వద్దు. ఏడాదంతా జూలైలో చేసే సాధారణ పనే, మధ్యలో స్పీడ్ ఆటలు, మీట్ ముందు మూడు రోజులు తేలిక, అంతే. ఆ వయసులో ఒకే ఈవెంట్ కోసం పిండితే వచ్చే మెడల్ రెండేళ్ళ తర్వాత పిల్లాణ్ణి గ్రౌండ్‌కి దూరం చేస్తుంది. వాళ్ళ ఎత్తు ప్రతి నెలా ఒకటో తారీఖున గోడ మీద కొలవండి. అమ్మాయిలు సుమారు 12 ఏళ్ళప్పుడు, అబ్బాయిలు 14 ఏళ్ళప్పుడు గబగబా పెరుగుతారు. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లు దాటి పెరిగిన పిల్లలకి మోకాలి చిప్ప కింద, మడమ వెనక నొప్పులు ఎక్కువగా వస్తాయి. ఆ నెలల్లో వాళ్ళకి జంప్‌లు, గట్టి నేల మీద పరుగులు తగ్గించండి. టైమింగ్ తగ్గినా కంగారు పడకండి, కాళ్ళు పొడవైనప్పుడు పరుగు కొన్నాళ్ళు తడబడుతుంది.

స్టేట్‌లో గెలిచి నేషనల్స్‌కి ఎవరైనా వెళ్తే, స్టేట్ తర్వాత నాలుగు రోజులు విశ్రాంతి ఇచ్చి, మధ్యలో ఉన్న వారాలకి పైన చెప్పిన ఐదు వారాల వరసనే మళ్ళీ వాడండి. మధ్యలో మూడు వారాలే ఉంటే, పని చేసే రెండు వారాల్లో ఒకటి తీసేయండి. చివరి పది రోజుల తగ్గింపు మాత్రం అలాగే ఉంచండి. వాళ్ళ మూడు వారాల రికవరీ నేషనల్స్ తర్వాతకి జరుగుతుంది, అది సంక్రాంతి సెలవుల్లో పడినా ఫర్వాలేదు.